ఇరవై తొమ్మిదో ఏట తిరిగొచ్చే శని

బ్రిటిష్ గాయని అడెల్ చేతి మీద వలయాలతో సహా శనిగ్రహం పచ్చబొట్టు ఉంటుంది. 2021లో ‘30’ ఆల్బమ్ విడుదలకు కొద్దిగా ముందు ఆమె ‘వోగ్’ పత్రికతో మాట్లాడారు. ముప్పై దగ్గర పడుతున్నప్పుడు తన జీవితం ఎలా అదుపు తప్పిందో, పెళ్లి ఎందుకు నిలవలేదో చెబుతూ ‘సాటర్న్ రిటర్న్’ అనే మాట వాడారు. ఆ మాట జ్యోతిషం పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అంతకు ముందు 2000లో ‘నో డౌట్’ అనే అమెరికన్ బృందం తమ ఆల్బమ్‌కి ‘రిటర్న్ ఆఫ్ సాటర్న్’ అని పేరు పెట్టింది కూడా. కానీ అడెల్ నోట వచ్చాక అది ఇంటింటి మాట అయింది. ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి ఫోన్‌లో “అమ్మా, నాకు సాటర్న్ రిటర్న్ నడుస్తోందట” అంటే, ఇటు అమ్మ “ఏలినాటి శనా? మన సిద్ధాంతిగారు చెప్పలేదే!” అని కంగారు పడుతుంది.

రెండూ శని గురించే అయినా లెక్క వేరు. మన ఏలినాటి శని చంద్రుణ్ణి బట్టి వస్తుంది. మీరు పుట్టినప్పుడు చంద్రుడున్న రాశికి ముందు రాశిలో, ఆ రాశిలో, తర్వాతి రాశిలో శని తిరిగే ఏడున్నరేళ్లు అది. కాబట్టి ఒకరికి ఊయల్లో ఉండగా రావచ్చు, ఇంకొకరికి పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు రావచ్చు. పాశ్చాత్యుల సాటర్న్ రిటర్న్‌కి చంద్రుడితో పనే లేదు. పుట్టినప్పుడు శని ఆకాశంలో ఎక్కడున్నాడో, రాశిచక్రం మొత్తం చుట్టి మళ్లీ సరిగ్గా అక్కడికే రావడం. ఆ చుట్టుకి దాదాపు 29 ఏళ్ల 5 నెలలు పడుతుంది. అందుకే అది అందరికీ ఇంచుమించు ఒకే వయసులో వస్తుంది. ఒకే ఏడాది పుట్టి, ఒకే బెంచీ మీద కూర్చుని పదో తరగతి చదివిన వాళ్లంతా కాస్త అటూ ఇటూగా ఒకేసారి దాన్ని దాటతారు. మన లెక్క మనిషిని విడదీసి చూపిస్తే, వాళ్ల లెక్క ఒక వయసు వాళ్లందరినీ కలిపి కడుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక ఆ రాకకి వాళ్లు చెప్పే ఫలితం. శని అంటే వాళ్లకీ కాలం, హద్దు, బాధ్యత, కష్టం మీద నిలబడే కట్టడం. ఇరవైల్లో మనం వేసుకున్న పునాదుల్ని శని తిరిగొచ్చి తట్టి చూస్తాడంటారు. ఉద్యోగం విషయంలో, నాన్న చదవమన్నారని చదివి, అందరూ చేరుతున్నారని చేరిన కొలువైతే అది ఈ సమయంలో ఊపిరాడనివ్వదట. మనసుపెట్టి నేర్చుకున్న పనైతే అదే సమయంలో పెద్ద బాధ్యత నెత్తిన పడుతుందట. బంధాల విషయంలోనూ అంతే. ఎటూ తేల్చకుండా ఏళ్ల తరబడి నడిచిన ప్రేమ అయితే పెళ్లికి వస్తుంది, లేదంటే తెగిపోతుంది. తొందరపడి చేసుకున్న పెళ్లిలో పగుళ్లు బయటపడతాయి. ఏది జరిగినా ‘ఇక నేను పెద్దవాణ్ణయ్యాను’ అనే ఎరుక మిగులుతుందని వాళ్ల మాట. పెళ్లి అయినా, విడాకులు అయినా, ప్రమోషన్ వచ్చినా, రాజీనామా ఇచ్చినా అన్నీ ఒకే సూత్రంలో ఇమిడిపోవడం ఇక్కడ గమనించాలి. దీని సంగతికి మళ్లీ వస్తాను.

ఈ ఫలితం ప్రాచీనమైనదని చాలామంది అనుకుంటారు. శని గమనం లెక్క నిజంగానే ప్రాచీనం. బాబిలోనియా పండితులు మట్టి పలకల మీద రాసుకున్న గ్రహాల లెక్కల్లో శనికి 59 ఏళ్ల చక్రం ఉంది. రెండు పూర్తి చుట్లు తిరిగేసరికి 59 ఏళ్లు అవుతాయి కాబట్టి, అప్పుడు శని దాదాపు అదే తేదీకి అదే నక్షత్రాల మధ్య కనిపిస్తాడు. గ్రీకు జ్యోతిషులు శనికి 30 ఏళ్లు కేటాయించారు. అంతవరకు సరే. కానీ ‘ఇరవై తొమ్మిదికి శని వచ్చి నిన్ను పెద్దవాణ్ణి చేస్తాడు’ అన్న మాట ఆ పాత పుస్తకాల్లో ఈ రూపంలో ఉండదు. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ మనిషి వయసుని ఏడు గ్రహాలకు పంచిపెట్టాడు. మొదటి నాలుగేళ్లు చంద్రుడివి, తర్వాతి పదేళ్లు బుధుడివి, ఆపై ఎనిమిదేళ్లు శుక్రుడివి. 22వ ఏట నుంచి 41 దాకా సూర్యుడివి. ఆ తర్వాత కుజుడు, గురువు. శనికి దక్కింది 68 దాటాక మిగిలిన ముసలితనం. టాలెమీ పట్టికలో ఇరవై తొమ్మిదేళ్ల మనిషి సూర్యుడి ఏలుబడిలో ఉన్నాడు. శని అతని దరిదాపుల్లో కూడా లేడు.

ఇప్పుడు మనం వినే కథ చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో అల్లుకున్నది. అమెరికాలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, తర్వాత జ్యోతిషంలోకి వచ్చిన గ్రాంట్ లూయీ 1940లో ‘ఆస్ట్రాలజీ ఫర్ ది మిలియన్స్’ రాశాడు. జాతకచక్రంలో శని ఏ భావంలో తిరిగేటప్పుడు మనిషి కెరీర్ మరుగున పడుతుందో, ఎప్పుడు పైకి లేస్తుందో ప్రసిద్ధుల జీవితాలతో జోడించి చూపించాడు. అప్పటిదాకా పీడించే గ్రహంగానే చూసిన శనిని కెరీర్ లెక్కలోకి గట్టిగా లాక్కొచ్చినవాడు అతనే. ఆ తర్వాత 1976లో లిజ్ గ్రీన్ ‘సాటర్న్: ఎ న్యూ లుక్ ఎట్ యాన్ ఓల్డ్ డెవిల్’ అనే పుస్తకం రాసింది. ఆమెది యూంగ్ మనస్తత్వశాస్త్రపు బాట. శని బయటి నుంచి వచ్చి కొట్టే శత్రువు కాదు, మనలోనే మనం ఒప్పుకోని భయం, ఆ భయాన్ని ఎదుర్కొన్నవాడికి అది గురువు అవుతుంది అన్నది ఆమె వాదం. శాంతి చేయించుకోవాల్సిన గ్రహం కాస్తా మాట్లాడుకోవాల్సిన గ్రహం అయింది.

తమాషా ఏమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే జ్యోతిషంతో సంబంధం లేని వాళ్లు కూడా అదే వయసు గురించి రాస్తున్నారు. గెయిల్ షీహీ రాసిన ‘పాసేజెస్’ 1976లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ముప్పై దగ్గర మనుషులకు కలిగే ఇరుకుని ఆమె ప్రత్యేకంగా వివరించింది. యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త డేనియల్ లెవిన్‌సన్ 40 మంది మగవాళ్ల జీవితాల్ని కూలంకషంగా విని 1978లో ‘ది సీజన్స్ ఆఫ్ ఎ మాన్స్ లైఫ్’ రాశాడు. అందులో 28 నుంచి 33 దాకా ఒక మలుపు ఉంది. ఇరవైల్లో కట్టుకున్న జీవితంలో లోపాలు కనిపించి, వాటిని దిద్దుకోవాలనిపించే కాలమన్నాడు. అతను శని పేరు ఎత్తలేదు. జ్యోతిషులు మాత్రం దాన్ని చూసి “మేం చెప్పిందే కదా” అన్నారు. నాకైతే అది తిరగేసి చదవాల్సిన సంగతి అనిపిస్తుంది. ముప్పైకి ముందు మనుషులు చదువు, జీతం, తోడు గురించి లెక్క చూసుకుంటారు. ఆ లెక్కకి ఆకాశంలో ఒక గడియారం దొరికింది.

సరే, అడెల్ జాతకాన్నే తీసుకుని లెక్క వేసి చూద్దాం. ఆమె 1988 మే 5న లండన్‌లో పుట్టింది. పాశ్చాత్య పంచాంగం, అంటే ఎఫిమెరిస్, తిరగేస్తే ఆ రోజు శని మకరంలో దాదాపు 2వ డిగ్రీ దగ్గర, వక్రగతిలో ఉన్నాడు. శని రోజుకి కొన్ని కలలే కదులుతాడు కాబట్టి ఈ లెక్కకి పుట్టిన గంట, నిమిషం అక్కర్లేదు. ఇక ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే శని 2017 డిసెంబరు 20 ప్రాంతంలో మళ్లీ మకరంలో అడుగుపెట్టి, 2018 జనవరి మొదటి పదిరోజుల్లో ఆ 2వ డిగ్రీకి చేరాడు. అప్పటికి ఆమెకి 29 ఏళ్ల 8 నెలలు. ఏప్రిల్‌లో 9వ డిగ్రీ దాకా వెళ్లి వక్రించి, సెప్టెంబరు 6న సుమారు రెండున్నర డిగ్రీల దగ్గర ఆగి మళ్లీ ముందుకి తిరిగాడు. అంటే ఆమె జన్మస్థానానికి ఇంచుమించు అర డిగ్రీ దూరం దాకా వెనక్కి వచ్చి, తాకకుండానే వెళ్లిపోయాడు.

అదే 1988 డిసెంబరు చివరి వారంలో పుట్టినవాళ్ల సంగతి చూడండి. వాళ్ల శని మకరంలో 5వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. 2018లో శని ఆ చోటుని ఫిబ్రవరి మొదట్లో ఒకసారి దాటాడు, జూలైలో వెనక్కి వస్తూ రెండోసారి దాటాడు, నవంబరులో ముందుకి పోతూ మూడోసారి దాటాడు. అందరికీ ఒకే వయసులో వచ్చేదైనా, ఒకరికి ఒక్క తేదీతో పోయి ఇంకొకరికి తొమ్మిది నెలలు సాగడానికి ఈ వక్రగతే కారణం. మూడుసార్లు దాటినవాళ్లకి మొదటిసారి సమస్య మొదలవుతుందని, రెండోసారి తవ్వి చూసుకుంటారని, మూడోసారి తేల్చుకుంటారని జ్యోతిషులు చెబుతారు.

ఇప్పుడు అడెల్ జీవితంలో జరిగినవి ఈ తేదీల పక్కన పెడదాం. 2017 వేసవిలో లండన్ వెంబ్లీ స్టేడియంలో నాలుగు ప్రదర్శనలు పెట్టుకుని, స్వరతంత్రులు దెబ్బతినడంతో చివరి రెండూ రద్దు చేసుకుంది. 2018లో, తనకి ముప్పై ఏళ్లప్పుడు పెళ్లయిందని తనే చెప్పింది. 2019 ఏప్రిల్‌లో భార్యాభర్తలు విడిపోయినట్టు ప్రకటన వచ్చింది. సెప్టెంబరులో విడాకులకు దరఖాస్తు పడింది, 2021 మార్చిలో అవి ఖాయమయ్యాయి. నవంబరులో ఆల్బమ్ వచ్చింది.

ఒక్క డిగ్రీ అటూ ఇటూ మాత్రమే లెక్కలోకి తీసుకునే కచ్చితమైన జ్యోతిషుడికి 2018 జనవరి, మళ్లీ ఆ ఏటి శరదృతువు మాత్రమే మిగులుతాయి. ఆ చట్రంలో పడే సంఘటన పెళ్లి ఒక్కటే, అదీ నెల తెలిస్తే. విడిపోవడం బయటే ఉండిపోతుంది. శని ఆ రాశిలో ఉన్నంత కాలమూ రిటర్నే అనేవాళ్లు చాలామంది. వాళ్ల లెక్కలో 2017 డిసెంబరు నుంచి 2020 మార్చి దాకా, సుమారు రెండేళ్ల మూడు నెలలు, మళ్లీ వక్రించి వచ్చిన 2020 జూలై నుంచి డిసెంబరు దాకా. అప్పుడు పెళ్లీ, విడిపోవడం, విడాకుల దరఖాస్తు అన్నీ లోపలికి వచ్చేస్తాయి. ఇంకొందరు శని సమీపించే ముందు ఏడాది కూడా కలుపుకుంటారు. అలాగైతే వెంబ్లీలో గొంతు పోవడం కూడా శని పద్దులోకే. ఇలా వల ఎంత పెద్దదైతే అంత చేప పడుతుంది. ఎవరైనా “నాకు అచ్చం అలాగే జరిగింది” అంటే నేను మొదట అడిగేది తేదీ కాదు, ఎంత వెడల్పు పెట్టి చూశారని.

పైగా 28 నుంచి 31 మధ్య ఎవరి జీవితంలో అయినా ఉద్యోగం మారడమో, పెళ్లో, బిడ్డో, ఊరు మారడమో, ఇంట్లో పెద్దవాళ్లకి జబ్బు చేయడమో లేకుండా గడుస్తుందా? పశ్చిమ దేశాల్లో ఈ వయసు ఇంత బరువెక్కడానికి ఇంకో కారణం ఉంది. అమెరికా జనగణన శాఖ మొదటి పెళ్లి నాటి మధ్యస్థ వయసుని, అంటే సగం మంది ఏ వయసుకి ముందే పెళ్లి చేసుకున్నారో దాన్ని, చాలా ఏళ్లుగా నమోదు చేస్తోంది. గ్రాంట్ లూయీ పుస్తకం వచ్చిన 1940లో అది మగవాళ్లకి 24.3, ఆడవాళ్లకి 21.5. 1956 నాటికి 22.5కి, 20.1కి దిగింది. ఆ రోజుల్లో ఇరవై తొమ్మిదేళ్ల అమెరికన్ గృహిణికి పిల్లలు బడికి పోతుంటారు. సాటర్న్ రిటర్న్ వచ్చినా అది ‘పెళ్లి చేసుకోవాలా వద్దా’ అనే ప్రశ్న అయ్యే అవకాశం తక్కువ. ఇప్పుడు ఆ వయసు మగవాళ్లకి 30 దాటింది, ఆడవాళ్లకి 28 దాటింది. అంటే శని కదల్లేదు, పెళ్లే కదిలి శని దగ్గరికి వచ్చింది. ‘కమిట్‌మెంట్’ గురించి ఈ సిద్ధాంతం ఇప్పుడు ఇంత గట్టిగా తాకడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. మన దగ్గర కూడా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు ఈ మాటని ఇంత ఆత్రంగా పట్టుకోవడం అందుకే కావచ్చు. పద్దెనిమిదో ఏట పెళ్లయిన వాళ్ల అమ్మమ్మకి ఇరవై తొమ్మిదిలో తేల్చుకోవాల్సిన ప్రశ్నలు వేరు.

అయితే నిజాయితీగల జ్యోతిషుడు అందరికీ ఒకే ఫలితం చెప్పి పంపించడు. ఒక తరగతి పిల్లలందరికీ ఒకేసారి వచ్చేది ఒక్కొక్కరికి ఎలా వేరవుతుందో అక్కడే అతని పని మొదలవుతుంది. ఇక్కడ పుట్టిన సమయం కావాలి. సమయాన్ని బట్టి లగ్నం, లగ్నాన్ని బట్టి శని ఏ భావంలో పడ్డాడో తెలుస్తుంది. పదో భావంలో ఉంటే రిటర్న్ ఉద్యోగం మీద, ఏడో భావంలో ఉంటే పెళ్లి, భాగస్వామ్యాల మీద, నాలుగో భావంలో ఉంటే ఇల్లు, తల్లిదండ్రుల మీద పడుతుందంటారు. ఇది మన భావాల లెక్కకి దగ్గరగానే ఉంటుంది కాబట్టి తెలుగు పాఠకులకి కొత్తేం కాదు. ఇంకో పద్ధతి ఉంది, నాకు అది మరింత తెలివైనదనిపిస్తుంది. ఇరవై తొమ్మిది ఒంటరి సంఖ్య కాదు. శని పావు చుట్టు తిరిగేసరికి ఏడేళ్లు, సగం చుట్టుకి పద్నాలుగు పదిహేను, ముప్పావు చుట్టుకి ఇరవై రెండు. అనుభవజ్ఞులు ఆ మూడు వయసుల్లో ఏం జరిగిందో ముందు అడుగుతారు. పద్నాలుగో ఏట ఏ గ్రూపు తీసుకోవాలో ఇంట్లో గొడవ, ఇరవై రెండులో ఇష్టం లేని ఉద్యోగంలో చేరడం అని వస్తే, ఇరవై తొమ్మిదిలో అదే దారం తెగుతుందో ముడిపడుతుందో అంచనా వేస్తారు. శనిని నమ్మకపోయినా ఆ ప్రశ్నలు మనిషిని మాట్లాడిస్తాయి. సంప్రదింపు పని చేసిందని జనం చెప్పుకునే చోట పని చేసింది చాలావరకు ఆ సంభాషణే.

నమ్మేవాళ్లైనా పరీక్షించాలనుకునే వాళ్లైనా ముందే చేయాల్సిన పని ఒకటుంది. తేదీలు రాకముందే జ్యోతిషుడి చేత మూడు విషయాలు రాయించుకోవాలి: ఎన్ని డిగ్రీల వెడల్పు తీసుకుంటున్నాడు, ఏ భావం గురించి చెబుతున్నాడు, ఏది జరగకపోతే తప్పయినట్టు ఒప్పుకుంటాడు. మూడోదానికి జవాబు సాధారణంగా రాదు. ఉద్యోగం పోతే శని, నిలిస్తే కూడా శనే అయినప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఓడించే సంఘటన లోకంలో ఉండదు. అలాంటి మాట మీద ఆధారపడి రాజీనామా లేఖ పెట్టేయడం, నిశ్చితార్థం రద్దు చేసుకోవడం ప్రమాదం. ‘రిటర్న్ అయిపోయేదాకా ఏ నిర్ణయమూ వద్దు’ అని ఆగిపోయేవాళ్లూ అంతే నష్టపోతారు, ఎందుకంటే రాశి లెక్కన అది రెండేళ్లకు పైగా నడుస్తుంది.

ఈ మధ్య ఈ ప్రశ్న అడుగుతున్నది ఎక్కువగా 1996 ఏప్రిల్ నుంచి 1999 మొదటి నెలల మధ్య పుట్టినవాళ్లు. పాశ్చాత్య లెక్కలో వాళ్లలో దాదాపు అందరి శనీ మేషంలో ఉన్నాడు. శని మేషంలోకి 2025 మేలో కొద్దికాలం తొంగిచూసి, 2026 ఫిబ్రవరిలో స్థిరంగా వచ్చి, 2028 వసంతం దాకా ఉంటాడు. 1997 ఆగస్టు మొదటి రోజుల్లో పుట్టిన అబ్బాయినే తీసుకుంటే, అతని శని మేషంలో సుమారు 20వ డిగ్రీ దగ్గర ఉన్నాడు. మళ్లీ అక్కడికి 2027 ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తాడు. అతనికి అప్పటికి 29 ఏళ్ల 9 నెలలు. మేషం శనికి నీచస్థానం, కాబట్టి అధికారులతో పేచీలు, ఓపిక లేకపోవడం, తొందరపాటు రాజీనామాలు అని పాశ్చాత్య జ్యోతిషుడు హెచ్చరిస్తాడు. అదే జాతకాన్ని మన సిద్ధాంతిగారి ముందు పెడితే వాళ్ల రాశిచక్రానికీ మన దానికీ సుమారు 24 డిగ్రీల తేడా ఉంది కాబట్టి శని మేషంలో ఉండడు. మీనంలో, రేవతీ నక్షత్రంలో ఉంటాడు. మీనం గురువు ఇల్లు, అక్కడ శనికి నీచ లేదు. శని తిరిగి ఆ చోటికి వచ్చే తేదీ మాత్రం రెండు పద్ధతుల్లోనూ కొద్ది రోజుల తేడాతో ఒకటే.